పాత 18.5 అంగుళాల మానిటర్ మీద తెలుగు అక్షరం పదునుగా కనబడాలంటే: రంగుల స్మూతింగా, బూడిద స్మూతింగా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల జాబ్‌వర్క్ షాపుల్లోకి తొంగి చూస్తే ఎక్కువగా కనిపించేది 18.5 అంగుళాల వెడల్పు మానిటర్. రిజల్యూషన్ 1366×768, వెనకాల నీలం రంగు వీజీఏ కేబుల్. ఆన్‌లైన్ దరఖాస్తులు, అఫిడవిట్లు, పెళ్లి శుభలేఖల ప్రూఫులు అన్నీ దాని మీదే నడుస్తాయి. నేను సిస్టమ్‌లు చూసిపెట్టే ఒక షాపులో ఇలాంటి మానిటర్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. రెండోది మొన్నటిదాకా విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, ఆ పాత పీసీ విండోస్ 11కి సరిపోదు, అందుకని లినక్స్ మింట్ వేశాం. వేసిన మర్నాడే షాపు అన్నయ్య ఫోన్.

"తమ్ముడూ, ఏటిది, అచ్చరాలు మసక్కొట్టినట్టున్నాయి. పక్క సిస్టమ్‌లో బాగానే ఉన్నాయి కదా, మానిటర్ పోయిందేటి?"

మానిటర్ పోలేదు. రెండు సిస్టమ్‌లూ అక్షరాన్ని వేర్వేరు పద్ధతుల్లో గీస్తున్నాయి. వాటిలో ఏది ఈ తెరకు నప్పుతుందో తేల్చుకోవడానికే ఈ పోలిక. రంగుల స్మూతింగ్ పెట్టుకోమని ఇంగ్లీషు అక్షరాలకు సాధారణంగా చెప్పే సలహా తెలుగుకు సగమే పనికొస్తుంది. ఆ మిగతా సగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు కేబుల్, రిజల్యూషన్

అక్షరాల అంచులను నునుపు చేసే స్మూతింగ్ సెట్టింగ్ ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. కంప్యూటర్ పంపే పిక్సెల్, మానిటర్ చూపించే పిక్సెల్ ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే కింద చెప్పేదంతా వృథా.

1366×768 తెరలతో ఇక్కడే ఒక పేచీ ఉంది. 1366 ఎనిమిదితో నిశ్శేషంగా భాగింపబడదు. కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు వీజీఏ మీద దాన్ని 1360×768గా పంపిస్తాయి. మానిటర్ ఆ 1360 నిలువు వరుసలను 1366 వరుసలకు సాగదీస్తుంది. చూడటానికి తేడా తెలియదు కానీ, తెర మీద అక్కడక్కడా కొన్ని నిలువు పట్టీల్లో అక్షరాలు మసకగా, మిగతా చోట్ల శుభ్రంగా ఉంటాయి. ఒకే పదం తెరకు ఎడమ వైపు ఉన్నప్పుడు బాగుండి, కిటికీని కొద్దిగా పక్కకు జరిపితే మసకబారిందంటే అనుమానం దీని మీదే పెట్టుకోండి. మానిటర్ మెనూలో సమాచారం పేజీ తెరిస్తే దానికి అందుతున్న రిజల్యూషన్ కనబడుతుంది. అక్కడ 1366 కాక 1360 అనో 1024 అనో ఉంటే మొదట సరిచేయాల్సింది అదే. చవక వీజీఏ కేబుళ్లలో కొన్నిటికి మానిటర్ తన వివరాలు కంప్యూటర్‌కు చెప్పే పిన్నులు ఉండవు. అప్పుడు కంప్యూటర్ ఊహించి ఏదో ఒకటి పంపుతుంది. కేబుల్ మార్చి చూడండి. మానిటర్‌కు డీవీఐ గానీ హెచ్‌డీఎంఐ గానీ ఉంటే వీజీఏను వదిలేయడమే మేలు.

రిజల్యూషన్ సరిగానే ఉండి వీజీఏ మీదే నడపాల్సి వస్తే ఇంకో పని ఉంది. వీజీఏ అనలాగ్ సంకేతం. ఒక పిక్సెల్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మానిటర్ తనంతట తాను లెక్కకట్టుకోవాలి. ఆ లెక్క కొంచెం తప్పినా ప్రతి అక్షరానికీ నీడ పడినట్టు కనిపిస్తుంది. తెర నిండా అక్షరాలున్న తెల్లటి పేజీ ఒకటి తెరిచి, మానిటర్ మీదున్న ఆటో బటన్ నొక్కండి. తెర ఒక్క క్షణం అటూ ఇటూ జరిగి కుదురుకుంటుంది. నల్లటి డెస్క్‌టాప్ మాత్రమే ఉన్నప్పుడు నొక్కితే అది అంచులు కనుక్కోలేక ఇంకా తప్పుగా కూర్చునే అవకాశం ఉంది. మన అన్నయ్య షాపులో సగం మసక ఈ ఒక్క బటన్‌తోనే పోయింది. మిగిలిన సగం నిజంగా స్మూతింగ్ తాలూకుది.

రెండు పద్ధతుల మధ్య తేడా ఏమిటి

18.5 అంగుళాల తెర మీద 1366×768 అంటే అంగుళానికి సుమారు 85 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. అక్షరంలోని గీత సరిగ్గా పిక్సెల్ హద్దు మీద పడితే ఇబ్బంది లేదు. కానీ తెలుగు అక్షరం గుండ్రం. దాని అంచు ఎప్పుడూ పిక్సెల్ మధ్యలోంచే పోతుంది. ఆ పిక్సెల్‌ను నలుపు చేయాలా తెలుపు చేయాలా?

ఏదో ఒకటి చేసేయడం స్మూతింగ్ లేని పద్ధతి. అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. తెలుగుకు ఇది పనికిరాదు, చర్చ కూడా అక్కర్లేదు. అయినా పాత షాపుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కారణం ఏమిటంటే, సిస్టమ్ స్లో అయిందని ఎవరో వచ్చి విండోస్‌లో `Adjust for best performance` నొక్కి పోతారు. దాంతో పాటే ఫాంట్ స్మూతింగ్ కూడా ఆగిపోతుంది. మీ తెర మీద తెలుగు ఉన్నట్టుండి చీమలు పాకినట్టు తయారైతే `SystemPropertiesPerformance` అని రన్ చేసి, `Smooth edges of screen fonts` పక్కన టిక్ ఉందో లేదో చూడండి. మిగతావన్నీ తీసేసినా ఈ ఒక్క టిక్ ఉంచితే వేగంలో తేడా ఏమీ తెలియదు.

రెండోది గ్రేస్కేల్. అంచు మీద పడిన పిక్సెల్‌లో అక్షరం సగం ఆక్రమిస్తే దాన్ని సగం బూడిద చేస్తుంది. అంచు మెత్తగా కనిపిస్తుంది, రంగులు రావు. కాకపోతే సన్నటి నిలువు గీత రెండు పిక్సెళ్ల మీద పరుచుకుని రెండు బూడిద గీతల్లా పలచబడుతుంది. అన్నయ్య మసక అన్నది దీన్నే.

మూడోది సబ్‌పిక్సెల్ పద్ధతి. ఎల్‌సీడీ తెరలో ఒక్కో పిక్సెల్ నిజానికి పక్కపక్కనే నిలువుగా నిలబడ్డ మూడు చిన్న పట్టీలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ మూడింటినీ విడివిడిగా వెలిగిస్తే అడ్డంగా మూడింతల సూక్ష్మత దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ దీన్నే క్లియర్‌టైప్ పేరుతో 1998లో ప్రకటించి, 2001లో విండోస్ ఎక్స్‌పీలో ఇచ్చింది. విస్టా నుంచి అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటూ వస్తోంది. పక్క సిస్టమ్‌లో అక్షరాలు బాగున్నాయని అన్నయ్యకు అనిపించింది అందుకే. దీనికి మూల్యం రంగు అంచులు. నల్ల గీతకు ఎడమ పక్క లేత ఎరుపు, కుడి పక్క లేత నీలం చేరతాయి. ఆ రంగు పలచబడేలా ఒక ఫిల్టర్ పనిచేస్తుంది, అయినా పూర్తిగా పోదు. కొందరి కళ్లకు ఆ రంగు అసలు ఆనదు, కొందరికి పది నిమిషాల్లో చిరాకు తెప్పిస్తుంది.

మీ తెర మీద ఇప్పుడు ఏది నడుస్తోందో తెలుసుకోవడం తేలిక. స్క్రీన్‌షాట్ తీసి ఏదైనా ఇమేజ్ వ్యూయర్‌లో ఎనిమిది రెట్లు పెద్దది చేయండి. అక్షరం అంచులో బూడిద గళ్లే ఉంటే గ్రేస్కేల్. రంగు గళ్లుంటే సబ్‌పిక్సెల్. నలుపు, తెలుపు తప్ప ఇంకేమీ లేకపోతే స్మూతింగ్ ఆగిపోయినట్టు. ఆ రంగు గళ్లలో ఎడమ పక్క ఎరుపు ఉంటే ఆర్‌జీబీ క్రమం, నీలం ఉంటే బీజీఆర్. డెస్క్‌టాప్ మానిటర్లలో దాదాపు అన్నీ ఆర్‌జీబీవే. తెర క్రమం ఒకటి, సెట్టింగ్ ఇంకొకటి అయితే అక్షరం గ్రేస్కేల్ కన్నా హీనంగా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ చెప్పేది సిస్టమ్ ఏ క్రమంలో గీస్తోందో మాత్రమే. తెరలో పట్టీలు ఏ క్రమంలో ఉన్నాయో తెలియాలంటే తెల్లటి భాగం మీద ఫోన్ కెమెరాను బాగా దగ్గరగా పెట్టి జూమ్ చేసి చూడాలి.

ఇంకో మాట. ఆ స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో పంపి "ఏది బాగుంది?" అని ఎవరినీ అడగకండి. వాళ్ల ఫోన్ తెరలో పట్టీల అమరిక వేరు, పైగా వాట్సాప్ బొమ్మను కుదిస్తుంది. ఆ తెర ముందు కూర్చున్నవాళ్లే చెప్పాలి.

తెలుగుకు వచ్చే అసలు చిక్కు

సబ్‌పిక్సెల్ పద్ధతి అడ్డంగానే సూక్ష్మత పెంచుతుంది. నిలువుగా ఒక్క పిసరు కూడా పెంచదు. ఇంగ్లీషుకు ఇది చక్కగా సరిపోయింది. `l`, `i`, `m`, `n` లాంటి అక్షరాల్లో నిలువు గీతలే ఎక్కువ, వాటి మధ్య దూరాలే చదవడానికి ముఖ్యం. తెలుగులో తేడాలు చాలావరకు పైనా కిందా ఉంటాయి. పైన గుడి, కింద వత్తు. ద కింద చిన్న గీత పెడితే ధ. ప కింద పెడితే ఫ. చ కింద పెడితే ఛ.

లెక్క వేసి చూద్దాం. మామూలు సెట్టింగ్‌లో 11 పాయింట్ల ఫాంట్ అంటే ఎత్తు మొత్తం కలిపి 15 పిక్సెళ్లకు కొంచెం తక్కువ. అందులోనే గుడి, అక్షరం ఒళ్లు, వత్తు, వరుసల మధ్య ఖాళీ అన్నీ సర్దుకోవాలి. ఫాంట్‌ను బట్టి మారినా, అక్షరం ఒంటికి సుమారు సగం పోతుంది. వత్తుకు మిగిలేది నాలుగైదు పిక్సెళ్లు. రాష్ట్రం అన్న మాటలో ష కింద ట వత్తు, ర వత్తు రెండూ ఆ నాలుగైదు పిక్సెళ్లలోనే ఇరుక్కోవాలి. రంగుల పట్టీలు ఎన్ని వెలిగించినా ఆ నిలువు ఇరుకు అలాగే ఉంటుంది.

దీనికి తోడు, పాత తరహా విండోస్ ప్రోగ్రాముల్లో క్లియర్‌టైప్ నిలువు దిశలో స్మూతింగ్ అసలు చేయదు. కొత్త బ్రౌజర్లు వాడే డైరెక్ట్‌రైట్ పద్ధతిలో నిలువుగా కూడా చేస్తుంది. ఒకే విండోస్‌లో ఒకే తెలుగు పదం బ్రౌజర్‌లో నునుపుగా, పాత ప్రోగ్రాములో వత్తుల దగ్గర మెట్లు మెట్లుగా కనిపించడానికి కారణం ఇది. పేజ్‌మేకర్‌లో 100 శాతం జూమ్‌లో వత్తులు విరిగినట్టు కనిపిస్తే ఫాంట్‌నో మానిటర్‌నో తిట్టుకోవక్కర్లేదు, 200 శాతంలో ప్రూఫ్ చూడండి. ప్రింట్‌కు ఈ స్మూతింగ్‌తో సంబంధమే లేదు. ప్రింటర్ తన సొంత సూక్ష్మతతో గీసుకుంటుంది.

కాబట్టి ఈ మానిటర్ మీద తెలుగుకు సైజు పెంచడమే అన్నిటికన్నా పెద్ద మార్పు. ఆ తర్వాతే రంగులా బూడిదా అన్న ప్రశ్న. 11 పాయింట్లను 13 చేస్తే ఎత్తు 17 పిక్సెళ్లు దాటుతుంది. ర వత్తు, ట వత్తు విడివిడిగా కనబడటానికి ఆ రెండు పిక్సెళ్లు చాలు.

హింటింగ్ ఎంత

లినక్స్‌లో స్మూతింగ్ పక్కనే హింటింగ్ అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది. అక్షరం గీతలను కొద్దిగా జరిపి పిక్సెల్ గళ్లలో కూర్చోబెట్టడం దాని పని. అసలు లేకుండా, స్లయిట్, మీడియం, ఫుల్ అని నాలుగు మెట్లు. స్లయిట్ పెడితే నిలువు దిశలో మాత్రమే జరుపుతుంది, వెడల్పు జోలికి పోదు. అందుకని అక్షరాల మధ్య ఎడం చెడదు. ఫుల్ పెడితే ఫాంట్ తయారు చేసినవాళ్లు రాసిన సూచనలను పాటిస్తుంది. ఆ సూచనలు ఓపిగ్గా రాసిన ఫాంట్లకే దాని వల్ల లాభం. తెలుగు ఫాంట్లలో అలా చేతితో శ్రద్ధగా రాసినవి అరుదు.

ఈ తెరకు నేను మొదట పెట్టేది స్లయిట్. ఇంగ్లీషు అక్షరాల పైఅంచు, కింది అంచు గీత గీసినట్టు నిలబడతాయి. దరఖాస్తు ఫారాల్లో సగానికి పైగా ఇంగ్లీషే కాబట్టి అది అవసరం. అయితే కొన్ని తెలుగు ఫాంట్లలో చిన్న సైజు దగ్గర స్లయిట్ కూడా కొంచెం అతి చేస్తుంది. అక్షరం ఒళ్లు కిందకో, వత్తు పైకో జరిగి రెండింటి మధ్య తెల్లటి సందు మూసుకుపోతుంది. పట్టుకోవడం ఎలాగంటే, ఫాంట్ సైజు ఒక్క పాయింట్ పెంచగానే వత్తు ఒక్కసారిగా కిందకు దూకినట్టు కనిపిస్తుంది. అలా ఉంటే తెలుగు ఫాంట్లకు మాత్రమే హింటింగ్ తీసేసి, ఇంగ్లీషుకు ఉంచవచ్చు. `~/.config/fontconfig/fonts.conf` ఫైల్‌లో ఇది రాస్తే చాలు:

```xml
<?xml version="1.0"?>
<!DOCTYPE fontconfig SYSTEM "fonts.dtd">
<fontconfig>
  <match target="font">
    <test name="family" compare="contains">
      <string>Telugu</string>
    </test>
    <edit name="hintstyle" mode="assign">
      <const>hintnone</const>
    </edit>
  </match>
</fontconfig>
```

పేరులో Telugu అని ఉన్న నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు లాంటివాటికి ఇది వర్తిస్తుంది. పోతన, వేమన, మండలి లాంటి ఫాంట్ల పేరులో ఆ మాట ఉండదు కాబట్టి వాటికి విడిగా పేరు పెట్టి రాసుకోవాలి. పని చేసిందో లేదో ఇలా చూడవచ్చు:

```
fc-match -v "Noto Sans Telugu" | grep -E "family|hintstyle"
```

హింట్‌స్టైల్ దగ్గర 0 అని వస్తే హింటింగ్ లేనట్టు, 1 అంటే స్లయిట్. ఫ్యామిలీ దగ్గర వేరే ఫాంట్ పేరు వస్తే నోటో తెలుగు మీ సిస్టమ్‌లో లేదని అర్థం. సెట్టింగ్ మార్చాక బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరవాలి. చాలామంది ఇక్కడే "ఏమీ మారలేదు" అని వదిలేస్తారు.

షాపులో పక్కపక్కన పెట్టి చూసింది

పోలికకు ఏదో వాక్యం సరిపోదు, కష్టమైన అక్షరాలు కావాలి. నేను లిబ్రే ఆఫీస్‌లో ఈ రెండు వరుసలనే 10, 11, 12, 14 పాయింట్లలో పెట్టుకుంటాను:

ద ధ థ, ప ఫ, చ ఛ, డ ఢ, బ భ

రాష్ట్రం, శ్రీకూర్మం, నిష్క్రమణ, శాస్త్రి, జ్యోత్స్న

జ్యోత్స్న ఊరికే పెట్టలేదు. ఆ పేరు దరఖాస్తులో తప్పు పడితే ఆ అమ్మాయి సర్టిఫికెట్ల చుట్టూ తిరగాలి. తెర మీద కూర్చునే మామూలు దూరంలో, అంటే సుమారు రెండడుగుల నుంచి చూడాలి. ముక్కు తెరకు ఆనించి చూస్తే ఎప్పుడూ గ్రేస్కేలే నచ్చుతుంది, ఎందుకంటే దగ్గరగా రంగులు కనబడతాయి.

మింట్ సినమన్‌లో `Font Selection` తెరిస్తే `Antialiasing`, `Hinting`, `RGBA Order` మూడూ ఒకే చోట ఉంటాయి. గ్రేస్కేల్, స్లయిట్ పెట్టి చూస్తే 11 పాయింట్లలో ద, ధ తేడా తెలుస్తోంది కానీ వెతుక్కోవాలి. అక్షరాలు లావుగా, కొంచెం ఉబ్బినట్టు ఉన్నాయి. `Antialiasing`ను ఆర్‌జీబీఏకు మార్చి, క్రమం ఆర్‌జీబీ పెట్టగానే ఇంగ్లీషు చటుక్కున పదునెక్కింది. తెలుగులో ప, ఫ, బ లాంటి అక్షరాల పక్క గీతలు శుభ్రపడ్డాయి. రాష్ట్రంలోని వత్తుల్లో మాత్రం మార్పు లేదు. పైన లెక్క చెప్పింది అదే. అప్పుడు అదే పేజీలో ఉన్న `Text scaling factor`ను 1.0 నుంచి 1.2కు పెంచాం. వత్తులు విడిపోయాయి. బ్రౌజర్‌లో ఫారం నింపేటప్పుడు ఒక్కోసారి అడ్డంగా స్క్రోల్ చేయాల్సి వస్తోంది. 1366 పిక్సెళ్ల వెడల్పులో అది తప్పదు. 1.3 పెడితే ఫారాలు మరీ పట్టక 1.2 దగ్గర ఆగాం.

టైపింగ్ చేసే కుర్రాడికి ఆర్‌జీబీ నచ్చింది. అన్నయ్య మాత్రం కళ్లజోడు సర్దుకుని, "దీనికి ఎర్రంచు తగుల్తంది తమ్ముడూ, చీర బోర్డర్‌లాగ" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, కొందరి కళ్లకు అది కనబడుతుంది. అలాంటివాళ్లకు వాదించి ఒప్పించడం దండగ. గ్రేస్కేల్, స్లయిట్ ఉంచి, సైజు మాత్రం 1.2 చేయండి. పదును కాస్త తగ్గినా చదవడం కష్టం కాదు. ఆ సీటులో రోజంతా కూర్చునేది కుర్రాడే కాబట్టి మా షాపులో ఆర్‌జీబీ ఉండిపోయింది.

ఒక పరిమితి ఉంది. లినక్స్‌లో జీటీకే4 అనే టూల్‌కిట్‌తో రాసిన కొత్త ప్రోగ్రాములు ఈ రంగుల పద్ధతిని పట్టించుకోకుండా గ్రేస్కేల్‌లోనే గీస్తాయి. బ్రౌజర్‌లో పదునుగా, ఇంకో చిన్న ప్రోగ్రాములో మెత్తగా కనిపిస్తే సెట్టింగ్ చెడిందనుకోవద్దు.

విండోస్ సిస్టమ్‌లో ఇంత పని లేదు. స్టార్ట్‌లో `cttune` అని కొడితే క్లియర్‌టైప్ ట్యూనర్ తెరుచుకుంటుంది. మొదటి పేజీలో `Turn on ClearType` టిక్ పెట్టాలి. తర్వాత అది తెర అసలు రిజల్యూషన్‌లో ఉందో లేదో చెబుతుంది. అక్కడ లేదని వస్తే ఆపేసి ముందు దాన్ని సరిచేయండి. ఆ పైన వరుసగా నమూనాలు చూపించి నచ్చింది ఎంచుకోమంటుంది. నమూనాలన్నీ ఇంగ్లీషువే కాబట్టి వాటిలో మరీ సన్నగా ఉన్నదాన్ని ఎంచుకోకండి. సన్నది ఇంగ్లీషులో సొగసుగానే ఉంటుంది, తెలుగులో సన్న గీతలు పాలిపోతాయి. మధ్యస్థంగా నల్లగా ఉన్నది తీసుకుని, పూర్తయ్యాక బ్రౌజర్‌లో తెలుగు పేజీ తెరిచి సరిచూసుకోండి. నచ్చకపోతే మళ్లీ నడపవచ్చు, ఏమీ పాడవదు. రంగంచు కనబడేవాళ్లు మొదటి పేజీలో టిక్ తీసేస్తే పాత ప్రోగ్రాములు గ్రేస్కేల్‌కు మారతాయి.

వేరే తెర అయితే

టీవీని మానిటర్‌గా పెట్టుకున్నచోట లెక్క మారుతుంది. దరఖాస్తు వివరాలు కస్టమర్‌కు చూపించడానికి గోడకు 32 అంగుళాల టీవీ తగిలించిన షాపులున్నాయి. చాలా టీవీలు మామూలు మోడ్‌లో రంగుల సమాచారాన్ని సగానికో అంతకన్నా తక్కువకో కుదించి చూపిస్తాయి. సినిమాకు అది తెలియదు, అక్షరానికి తెలుస్తుంది. సబ్‌పిక్సెల్ పద్ధతి బతికేదే ఆ రంగు తేడాల మీద కాబట్టి అక్కడ అది బురదలా మారుతుంది. టీవీకి గ్రేస్కేలే పెట్టండి. దానికన్నా ముందు టీవీ మెనూలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ను పీసీ అని మార్చండి, షార్ప్‌నెస్ తగ్గించండి, తెర అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్ ఆపండి. షార్ప్‌నెస్ ఎక్కువగా ఉంటే అక్షరాల చుట్టూ తెల్లటి వెలుగు అంచు వస్తుంది. దాన్ని చూసి చాలామంది ఫాంట్ తేడా అనుకుంటారు.

తెరను నిలువుగా తిప్పి పెట్టుకుంటే రంగు పట్టీలు అడ్డంగా పడుకుంటాయి. లినక్స్‌లో క్రమం వీఆర్‌జీబీకో వీబీజీఆర్‌కో మార్చుకునే వీలుంది. ఏ వైపు తిప్పారన్న దాన్ని బట్టి ఏది సరైనదో రెండూ పెట్టి చూడాలి. తెలుగుకు ఇది ఒక వింత లాభం, ఎందుకంటే ఇప్పుడు సూక్ష్మత నిలువుగా పెరుగుతుంది, వత్తులు ఉన్నది అక్కడే. విండోస్ క్లియర్‌టైప్‌కు ఆ వీలు లేదు, అక్కడ గ్రేస్కేల్ మేలు.

14 అంగుళాల 1920×1080 ల్యాప్‌టాప్ అయితే అంగుళానికి 157 పిక్సెళ్లు. రెండు పద్ధతుల మధ్య తేడా వెతికితే తప్ప దొరకదు. గ్రేస్కేల్ ఉంచి స్కేలింగ్ 125 శాతం పెట్టుకోండి. అక్కడ మసక వస్తే కారణం ఎక్కువసార్లు ఆ స్కేలింగే. పాత ప్రోగ్రాములు చిన్నగా గీసిన బొమ్మను సిస్టమ్ సాగదీస్తుంది. విండోస్‌లో అయితే ఆ ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద హై డీపీఐ సెట్టింగ్ మార్చి చూడండి.

ఇక 18.5 అంగుళాలది తీసేసి కొత్తది కొందామనుకుంటే కొలత చూసి కొనండి. 21.5 అంగుళాల 1920×1080 తెరకు అంగుళానికి 102 పిక్సెళ్లు వస్తాయి. అదే 1920×1080 రిజల్యూషన్‌తో 27 అంగుళాలది కొంటే అంగుళానికి 82కు పడిపోతుంది, అంటే ఇప్పుడున్న పాతదానికన్నా తక్కువ. పెద్ద తెర అని మురిసిపోయి ఇంటికి తెచ్చాక అక్షరాలు ముతకగా ఉన్నాయంటే దానికి ఏ స్మూతింగ్ సెట్టింగూ మందు కాదు.